ఆమోసు విషయంలో డాక్టరమ్మ సంజాయిషీ

బందరు కలెక్టరాఫీసు నుంచి వచ్చిన కాగితం సగం చదివేసరికే డాక్టరు సీతారావమ్మకి ఒళ్ళు మండిపోయింది. అసలే ఆవిడకి కోపం ముక్కుమీద ఉంటుంది. బెజవాడ కాలువగట్టు ఆసుపత్రిలో మానసిక రోగుల వార్డు మొత్తం ఆవిడ ఒక్కదాని చేతి మీద నడుస్తోంది. ఇటు గవర్నర్‌పేట నుంచి అటు కైకలూరు దాకా ఎవరికి మతి తప్పినా రిక్షాలోనో ఎడ్లబండిలోనో ఆవిడ గుమ్మంలోకే తెస్తారు. అలాంటి మనిషి మీద ఫిర్యాదు.

రాసినవాడు జీవరత్నం. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక పల్లెలో సంఘపెద్ద, మాటకి విలువున్నవాడు. ఆయన తమ్ముడు ఆమోసు అక్కడి మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో మాస్టరు, ఆదివారం గుడిలో పాటలు పాడించేదీ అతనే. "నా తమ్ముడు చీమకైనా హాని చెయ్యనివాడు. కృష్ణకి వరదొచ్చిన రోజుల్లో బెజవాడ బ్యారేజి మీద నిలబడి దేవుని పాట పాడుకుంటుంటే పోలీసులు పట్టుకున్నారు. సదరు డాక్టరమ్మ వాడికి పిచ్చి అని రాసి, తాళం వేసిన వార్డులో పెట్టించి, మంచానికి కట్టించి, దాదాపు మూడు వారాలు ఉంచింది. ఇంటిపెద్దనైన నాకు కబురు లేదు. పాట పాడడం నేరమా?" అని ఉంది అందులో. ఇప్పుడు స్కూలు యాజమాన్యం అతన్ని మళ్ళీ పనిలోకి తీసుకోవాలా వద్దా అని తర్జనభర్జన పడుతోందట. కింద పల్లె సగం సంతకాలు, మిగతా సగం వేలిముద్రలు.

సీతారావమ్మ ఆ పూటే సంజాయిషీ రాసిపారేసింది. తన సర్వీసు, తన చదువు, జనం కృతఘ్నత, చదువుకున్నవాళ్ళ మూర్ఖత్వం, అన్నీ కలిపి పెద్ద దస్తా అయింది. తీసుకెళ్ళి సూపరింటెండెంటు వెంకటకృష్ణారావుగారి బల్లమీద పెట్టింది. ఆయన రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి. ఏ గొడవా నెత్తిమీదికి రాకుండా ఇంటికి పోవాలని ఆయన కోరిక. అయినా పని తెలిసినవాడు. రెండు పేజీలు చదివి కళ్ళజోడు తీశాడు.

"ఇది సంజాయిషీ కాదమ్మా, దండయాత్ర. ఈ విశేషణాలన్నీ పీకేయండి. జరిగింది జరిగినట్టు, తేదీల వరసన రాయండి. మీరు కళ్ళారా చూసింది ఒక పక్క, మీకు ఇంకొకళ్ళు చెప్పింది ఒక పక్క. సర్టిఫికెట్టు ఎలా రాస్తారో అలాగన్నమాట."

ఆ మాటకి ఆవిడ మొహం ఎర్రబడింది. ఎందుకంటే హౌస్ సర్జన్లకి రోజూ ఆవిడ చెప్పే పాఠమే అది. మనిషిని అతని ఇష్టానికి వ్యతిరేకంగా ఉంచాలంటే, పాతకాలం నాటి లూనసీ చట్టం ప్రకారం డాక్టరు తను స్వయంగా గమనించినవి విడిగా, ఇతరులు తెలియజేసినవి విడిగా రాయాలి. ఉత్త విన్నమాటల మీద రాసిన కాగితం కోర్టులో నిలవదు. కోపంలో ఆవిడ ఆ పాఠం తనే మరిచిపోయింది. శనివారం ఎంక్వయిరీ పెడుతున్నాననీ, ఫిర్యాదుదారు కూడా వస్తాడనీ, అక్కడ అందరిముందూ సంజాయిషీ తెలుగులో చదివి వినిపించాలనీ, నకలు అతనికి ఇవ్వాలనీ సూపరింటెండెంటు చెప్పాడు.

మళ్ళీ కూర్చుంది. ఈసారి కేసుషీటు, మేజిస్ట్రేటు ఉత్తరువు నకలు ముందు పెట్టుకుని రాయడం మొదలెట్టింది. చిత్రమేమిటంటే, తిట్లు తీసేశాక కలం పరుగెత్తింది.

"మంగళవారం ఉదయం, మేజిస్ట్రేటుగారి ఉత్తరువుతో పోలీసులు ఆమోసును తెచ్చారు. పది రోజులకు మించకుండా పరిశీలనలో ఉంచి, మానసిక స్థితి గురించి నివేదిక ఇవ్వమని ఉత్తరువు. నేను స్వయంగా చూసినవి: మాట ఆపకుండా మాట్లాడుతున్నాడు, ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఊపిరి తీసుకోవడం లేదు. గొంతు బొంగురుపోయినా పాడుతున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. తాను నీళ్ళమీద నడవగలననీ, బ్యారేజి దగ్గర మొదలుపెట్టి సముద్రందాకా వెళ్తాననీ నాతో చెప్పాడు. ఇతరులు తెలియజేసినవి: చాలా రాత్రులుగా నిద్రలేదని భార్య రూతు చెప్పింది."

ఒక్కొక్క వాక్యం రాస్తుంటే ఆవిడకి హుషారు పుట్టుకొచ్చింది. ఒక్క విశేషణం లేదు, ఒక్క దెప్పు లేదు, అయినా చదివినవాడెవడూ కాదనలేడు. కట్టేసిన సంగతి కూడా దాచలేదు. మొదటి రాత్రి కిటికీ ఎక్కబోతే వార్డువాళ్ళు బ్యాండేజి గుడ్డతో చేతులు మంచానికి కట్టారు. తెల్లవారి చూసి తానే విప్పించింది. రాత్రి ఆ సంగతి తనకి కబురు చెయ్యలేదు. వార్డు బాధ్యత తనది కాబట్టి ఆ తప్పూ తనదే. అదీ రాసేసింది. మందులు, కరెంటు చికిత్స, మెల్లగా నిద్ర పట్టడం, గడువు అయ్యాక మేజిస్ట్రేటు దగ్గర ఇంకో పది రోజులు తీసుకోవడం, విశాఖపట్నం పిచ్చాసుపత్రికి పంపనక్కర్లేదని తాను నివేదిక ఇవ్వడం, చూసుకుంటానని రూతు పూచీ సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోవడం, అన్నీ వరసగా పడ్డాయి. శనివారం జీవరత్నం మొహం ఎలా ఉంటుందో ఊహించుకుని ఆవిడ లోపల్లోపల నవ్వుకుంది కూడా.

అయితే ఒక్కచోట ఖాళీ వదిలింది. మంగళవారం పోలీసు హెడ్డు చెప్పిన మాట ఒకటుంది. అది రాస్తే ఫిర్యాదు ఆ క్షణంలోనే కూలిపోతుంది. పాట పాడడం నేరమా అని అడిగినవాడు మళ్ళీ నోరెత్తడు.

ఆమోసు బ్యారేజి పిట్టగోడ ఎక్కినప్పుడు ఒంటరిగా లేడు. నాలుగేళ్ళ కూతురు మణెమ్మ అతని భుజాల మీద ఉంది.

అది ముందురోజు, సోమవారం పొద్దున. గేట్లన్నీ ఎత్తేసి ఉన్నాయి. కింద ఎర్రటి వరద నీళ్ళు. పాడుకుంటూ, పిల్లని ఎత్తుకుని, నీళ్ళమీద నడవబోతూ గోడ మీద నిలబడ్డాడు. తామే కిందికి లాగి రక్షించామని హెడ్డు చెప్పాడు. పిల్లని మధ్యాహ్నానికల్లా రూతు చేతికి అప్పగించారు. ఆ మాట కోర్టు ఫైల్లో ఉంది, సీతారావమ్మకి తెలుసు, రూతుకి తెలుసు. పల్లెలో ఇంకెవరికీ తెలియదు.

ఆ మర్నాడే రూతు వచ్చింది, మాత్రల కోసం. మాత్రలు తీసుకుని కూడా కదల్లేదు. బావగారు కాగితం పెట్టిన సంగతి తనకి ఆలస్యంగా తెలిసిందని, ఆయన్ని ఆపబోతే ఎందుకు ఆపుతున్నావని అడిగితే చెప్పలేకపోయానని తల వంచుకుంది. తల్లి సంపూర్ణమ్మ ఇప్పటికే అల్లుడి జబ్బు చూసి కూతుర్ని పుట్టింటికి రమ్మని పోరుతోంది. పిల్ల సంగతి తెలిస్తే పోరడం ఉండదు, చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది. ఇక కూతుర్నే ఏట్లో వెయ్యబోయినవాడి దగ్గరికి పల్లెలో ఎవరు పిల్లల్ని చదువుకి పంపుతారు?

"ఆయన మనిషయ్యాడండీ. రోజూ మందేసుకుంటున్నాడు, పొలం వెళ్తున్నాడు, మణిని పక్కలో వేసుకునే పడుకుంటున్నాడు. ఆ రోజుది ఆయనకి గుర్తు లేదండీ. నేనూ ఎత్తలేదు. మీరు రాశారంటే, అందరిముందూ చదివితే, ఆయన ఆ మాట మొదటిసారి అక్కడ వింటాడు. నా సంసారం మీ కలం కింద ఉందండీ."

రోగి రహస్యం కాపాడాలని సీతారావమ్మకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఇక్కడ ఆ రహస్యమే ఆవిడ పాలిటి గొడుగు, దాన్ని ముడిచి పక్కన పెడితే తడిసేది తానే. సూపరింటెండెంటుకి సంగతి విప్పకుండా, ఒక విషయం రాయలేనని మాత్రం చెప్పింది. ఆయన భయపడిపోయాడు. సంజాయిషీలో కంత కనిపిస్తే కలెక్టరు ఊరుకోడనీ, బదిలీతో పోతే అదృష్టమనీ, ఇంతా చేసి వార్డు మూతబడుతుందనీ మొత్తుకున్నాడు. ఆవిడ పట్టిన పట్టు వదల్లేదు. ఖాళీ ఉన్నచోట ఒకే వాక్యం రాసింది: "ఈ సందర్భంలో పోలీసులు నాకు తెలియజేసిన ఒక విషయం మేజిస్ట్రేటుగారి ఫైల్లో ఉన్నది. అందులో మైనరు ప్రసక్తి ఉన్నందున ఇక్కడ రాయడం లేదు. విచారణాధికారి అక్కడ చూసుకోగలరు."

శనివారం ఉదయానికే ఆసుపత్రి ముందు లారీ ఆగింది. అందులోంచి పల్లె దిగింది. పండగ బట్టల్లో ఆడవాళ్ళు, చంకన బైబిళ్ళతో మగవాళ్ళు. జీవరత్నం తెల్లటి పంచె, ఇస్త్రీ కండువాతో ముందు నడిచాడు. పక్కనే తమ్ముణ్ణి తెచ్చాడు, చూడండి వీడికి పిచ్చా అని చూపించడానికి. ఆమోసు శుభ్రంగా గడ్డం గీసుకుని, చేతులు కట్టుకుని ఉన్నాడు. వెనకాల రూతు. ఆమె మోచెయ్యి పట్టుకుని సంపూర్ణమ్మ. సూపరింటెండెంటు గది చాలక వరండాలో బల్లలు వేశారు.

సీతారావమ్మ నిలబడి చదవడం మొదలెట్టింది. మొదట్లో గుసగుసలు. తేదీ తర్వాత తేదీ పడుతున్న కొద్దీ సద్దు మణిగింది. చేతులు కట్టిన సంగతి ఆవిడే చదివి, అది నా తప్పు అన్నప్పుడు జీవరత్నం తలెత్తి చూశాడు. ఆ మాట తాను లాగాలనుకున్నాడు, ఆవిడే ఇచ్చేసింది. జనంలో ఒకాయన తల ఊపాడు కూడా. సీతారావమ్మ గొంతులో బలం వచ్చింది. గెలుస్తున్నానని తెలిసిపోయింది. మైనరు వాక్యం వచ్చినప్పుడు గబగబా చదివి దాటేయబోయింది.

జీవరత్నం ఆగమన్నాడు. లేచి నిలబడి, ఆ వాక్యం మళ్ళీ చదవమన్నాడు. చదివింది.

"చూశారాండీ, అసలుది దాచారు. మా వాడు పాటే పాడాడు, ఇంకేం చెయ్యలేదు. చేసి ఉంటే చెప్పండి. చెప్పలేకపోతే ఏమీ లేదని రాసివ్వండి. మైనరెవరు? మా ఇంట్లో మైనర్లెవరున్నారు?"

ఆ ఆఖరి మాట అంటూండగానే అతని మొహం మారింది. ఇంట్లో ఉన్న మైనరు ఎవరో అతనికే తట్టింది. అయినా వందమంది ముందు అడిగిన ప్రశ్న వెనక్కి తీసుకోలేకపోయాడు. సంపూర్ణమ్మ కూతురి మొహంలోకి చూసింది. రూతు మొహంలో నెత్తురుచుక్క లేదు. వరండా అంతా గోలెత్తింది. దాస్తున్నారని ఒకరు, ఫైలు తెప్పించండని ఇంకొకరు. సూపరింటెండెంటు చెమటలు తుడుచుకుంటూ, డాక్టరుగారు ఆ విషయం ఇక్కడే చెబితే అందరికీ మంచిదని గొణిగాడు. సీతారావమ్మ చేతిలోని కాగితం వంక చూసింది. ఒక్క వాక్యం, అంతే. గొంతులో తిరుగుతోంది. కాగితం మడిచి, చెప్పనంది. కావాలంటే ఏ శిక్ష వేసినా పడతానంది.

అప్పుడు ఆమోసు లేచాడు.

"నేను చెప్తానండీ. మణి నా భుజాలమీద ఉంది."

గోల ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. రూతు రెండు చేతులతో నోరు మూసుకుంది. గుర్తు లేదనుకున్నదంతా అతనికి గుర్తుంది. ఇన్నాళ్ళూ ఆమె బాధపడుతుందని అతను ఎత్తలేదు, అతను బాధపడతాడని ఆమె ఎత్తలేదు. ఒకే పక్కమీద, మధ్యలో పిల్లని వేసుకుని, ఇద్దరూ అదే నీళ్ళు చూస్తూ పడుకున్నారు.

ఆమోసు బడిలో పాఠం చెప్పినట్టే నిదానంగా చెప్పాడు. ఆ రోజు లోకమంతా తనదే అనిపించిందన్నాడు. జంక్షన్లో బస్సెక్కినప్పటినుంచీ ఒళ్ళంతా దీపాలు వెలిగినట్టుందన్నాడు. పిల్లకి ఏటి అవతల మంచి చోటు చూపించాలనిపించి గోడెక్కానన్నాడు. పిల్ల నవ్వుతూనే ఉందట. జీవరత్నం కండువాతో మొహం కప్పుకున్నాడు.

"డాక్టరమ్మగారు రాసిందంతా నిజమేనండీ. నన్ను ఉంచడం తప్పు కాదు. కాపోతే పోలీసువారు లాగారని మీకు చెప్పి ఉంటారు. అది మాత్రం కాదు. నా అంతట నేనే దిగాను."

సీతారావమ్మకి వెన్ను నిటారైంది. ఎందుకు దిగావని అడిగింది. అడుగుతున్నప్పుడే ఆవిడకి సిగ్గేసింది. హెడ్డుని అడిగింది, రూతుని అడిగింది, వార్డు నర్సుల్ని అడిగింది. మతి కుదుటపడ్డాక కూడా ఈ మనిషిని మాత్రం ఒక్కసారి అడగలేదు. కదిపితే ఏమవుతుందోనని తనకి తానే సర్దిచెప్పుకుంది.

"నాన్నా, ఆకలేస్తంది అందండీ. గోడ దిగి, బ్యారేజి చివర బండి దగ్గర ఇడ్లీ కొనిపెట్టాను. పోలీసువారు వచ్చింది అక్కడికి. పిల్ల ఆ మాట అనకపోతే దిగేవాణ్ణో లేదో నాకు తెలవదండీ. రోజూ అదే ఆలోచిస్తాను."

చెప్పడం అయిపోయాక కూర్చోలేదు. ఎవరైనా ఏదైనా అంటారని నిలబడే ఉన్నాడు. సంపూర్ణమ్మ కూతురి మోచెయ్యి గట్టిగా పట్టుకుని లేచింది. ఇక లాక్కుపోతుందనే అందరూ అనుకున్నారు. రూతు లేవలేదు. మొగుడి వంక చూస్తూ, వరండాలో ఇంకెవరూ లేనట్టు మాట్లాడింది.

"ఆ రాత్రే చెప్పిందయ్యా మణి. నాన్న ఇడ్లీ పెట్టాడమ్మా, చట్నీ కారంగా ఉంది అని. పోలీసులు లాగారంటున్నారే, ఇడ్లీ ఎక్కడిదీ, పసిపిల్ల ఏదో కల్పించి చెప్తందనుకున్నా."

ఆమోసుకి అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. పెద్దగా, పిల్లాడిలా ఏడ్చాడు. సీతారావమ్మ కళ్ళు తుడుచుకుంది, ఎవరు చూస్తే చూశారని. సంపూర్ణమ్మ అల్లుణ్ణి పైనుంచి కిందికి చాలాసేపు చూసింది. మెత్తబడే మనిషి కాదు. ఇకముందు ఒక్క రాత్రి నిద్ర పట్టకపోయినా మర్నాడు పొద్దున్నే నిన్ను ఇక్కడికి నేనే ఈడ్చుకొస్తాను, మీ అన్న ఎన్ని కాగితాలు పెట్టినా సరే అంది. కూతురి చెయ్యి మాత్రం వదిలేసి మళ్ళీ బల్లమీద కూర్చుంది.

జీవరత్నం లేచి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని మెల్లగా అన్నాడు. సూపరింటెండెంటు మొహం వెలిగిపోయింది. సీతారావమ్మ మాత్రం ఒప్పుకోలేదు. చేతులు కట్టిన మాట నిజం, ఇంటిపెద్దకి కబురు చెయ్యని మాట నిజం, అవి ఫైల్లో ఉండి తీరాలని గట్టిగా చెప్పింది. ఆమోసు చెప్పింది కూడా, అతను ఒప్పుకుంటే, సంజాయిషీలోకి ఎక్కాలంది. స్కూలువాళ్ళు పాటగాడి కథా, పిచ్చివాడి కథా వినేశారు, ఇక జరిగింది వినమనండి అంది. ఆమోసు ఒకసారి రూతు వంక చూసి, రాయండి అన్నాడు.

సూపరింటెండెంటుకి ఇంకో సందేహం వచ్చింది. స్వయంగా చూసినవాటి కిందా, ఇతరులు తెలియజేసినవాటి కిందా, ఇది దేని కింద పడుతుందమ్మా అని అడిగాడు. దేని కిందా పడదు. ఇన్నేళ్ళుగా రాస్తున్న ఆ కాగితంలో రోగి తన సంగతి తాను చెప్పుకోవడానికి చోటే లేదు. సీతారావమ్మ తన సంజాయిషీ మొదటి పేజీ చూసుకుంది. తేదీల వరసన పోతే బ్యారేజి మీద జరిగింది తాను చూసినవాటన్నిటికంటే ముందుది. అందుకని ఆ పేజీకి ముందు పెట్టడానికి కొత్త కాగితం తీసుకుని, పైన "ఆమోసు చెప్పినది" అని రాసి, కలం పట్టుకుని అతని వంక చూసింది.

"చెప్పండి మాస్టారూ, నెమ్మదిగా చెప్పండి."